జాకెట్టు కటింగ్ పాఠాలు ఆన్‌లైన్‌లో ఎక్కడ అమ్మాలి: సొంత సైటులోనా, మార్కెట్‌ప్లేస్‌లోనా?

మా వదిన తెనాలిలో ఇరవై ఏళ్లుగా టైలరింగు నేర్పుతోంది. ఇంటి ముందు గదిలో నాలుగు మిషన్లు, గోడకు ఒక నల్లబల్ల. యూట్యూబులో పెట్టిన రెండు మూడు వీడియోలకు ఫోన్లు రావడం మొదలయ్యాక, ఒకరోజు నన్ను పిలిచి, "ఏమయ్యా, వీళ్లందరికీ ఒక్కొక్కరికీ చెప్పలేను. మొత్తం రికార్డు చేసి అమ్ముదాం. ఎక్కడ పెట్టాలో నువ్వు చూడు" అంది. ఆ చూడటంలో తెలిసిన సంగతులే ఇవి. మీరు నేర్పేది కుట్టుపని కాకపోయినా వరస ఇదే, అంకెలు మాత్రం మీవి వేసుకోవాలి.

1. కొనేవారు ఎవరి వల్ల వస్తున్నారో ముందు లెక్కపెట్టండి

చాలామంది మొదట సాఫ్ట్‌వేర్లను పోల్చడం మొదలుపెడతారు. అది తర్వాతి పని. రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని, కోర్సు గురించి అడిగిన ప్రతి ఒక్కరినీ "మా గురించి మీకు ఎలా తెలిసింది?" అని అడిగి రాసుకోండి. మాకు నలభై మంది అడిగితే ముప్పై ఒక్కరు వదిన వీడియో చూసి వచ్చినవారు, ఏడుగురు పాత విద్యార్థులు చెప్పగా వచ్చినవారు. ఇద్దరు మాత్రమే ఎక్కడో వెతుకుతూ తగిలారు.

తర్వాత మీరు పెట్టాలనుకుంటున్న మార్కెట్‌ప్లేస్‌లోకి, అంటే యుడెమీలా ఎందరివో కోర్సులు ఒకేచోట అమ్మే సైటులోకి వెళ్లి, మీ విద్యార్థి ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలే టైపు చేయండి. విద్యార్థుల సంఖ్య చూసి ఆశపడకండి. ఉచిత కూపన్లు పంచితే ఆ సంఖ్య ఇట్టే పెరిగిపోతుంది. చూడవలసింది సమీక్షల తేదీలు. ఈ నెలలోనూ, పోయిన నెలలోనూ కొత్త సమీక్షలు ఉంటే అక్కడ నిజంగా బేరం నడుస్తున్నట్టు. మేము చూసినప్పుడు తెలుగు కుట్టుపని కోర్సుల కింద ఉన్న చివరి సమీక్షకు ఏడాది దాటింది. అంటే ఆ బజారులో మా సరుకు కోసం తిరిగేవారు లేరు.

అదే మీరు డేటాబేసులో, ప్రోగ్రామింగో ఇంగ్లీషులో నేర్పుతుంటే కథ తిరగబడుతుంది. ఆ విద్యార్థులు నేరుగా మార్కెట్‌ప్లేస్ తెరిచి అక్కడే వెతుకుతారు. మీకు యూట్యూబులో పేరు లేకపోయినా మంచి కోర్సు పెడితే, మీ ఊరి పేరు కూడా తెలియని మనుషులు కొంటారు. వాళ్లను మీ సైటుకు రప్పించాలంటే ప్రకటనలకు పెట్టే డబ్బు మార్కెట్‌ప్లేస్ తీసుకునే వాటాను మించిపోవచ్చు. నిర్ణయమంతా దీని మీదే ఉంది: మనిషిని తెచ్చేది మీరైతే సొంత సైటు, వాళ్లైతే మార్కెట్‌ప్లేస్.

2. పదకొండు గంటలు రికార్డు చేయకముందే కొంచెం అమ్మి చూడండి

"పెట్టండి మేడమ్, తప్పకుండా కొంటాం" అన్నవారిని లెక్కలో వేయకండి. డబ్బు చెల్లించినవారినే వేయండి. మేము గంటన్నర ప్రత్యక్ష పాఠం ఒకటి పెట్టాం. ఆది జాకెట్టు నుంచి కొలతలు తీసి పేపర్ కటింగ్ చేయడం దాని విషయం, ధర 199 రూపాయలు. దీనికి సైటు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బును మీ ఖాతాకు చేర్చే సేవ, అంటే పేమెంట్ గేట్‌వే, ఇచ్చే చెల్లింపు లింకు ఒకటి తయారుచేసి పంపితే చాలు, అది కూడా లేకపోతే యూపీఐ కోడ్ సరిపోతుంది.

మా పాఠానికి ఇరవై ఆరుగురు కట్టారు. పాఠంలో వాళ్లు అడిగిన ప్రశ్నలే పూర్తి కోర్సు వరసను నిర్ణయించాయి. సగం ప్రశ్నలు చంక రౌండు గురించే వచ్చాయి. కుట్టాక చంక దగ్గర ముడతలు ఎందుకు వస్తాయి, చెయ్యి ఎత్తితే జాకెట్టు ఎందుకు పైకి లేస్తుంది అని. వదిన మాత్రం ప్రిన్సెస్ కట్‌తో మొదలుపెడదామనుకుంది. పది మంది కూడా కట్టకపోతే రికార్డింగు ఆపి, విషయాన్నో ధరనో మార్చి మళ్లీ అడగండి.

3. చేతికి వచ్చే డబ్బు లెక్క వేయండి

మార్కెట్‌ప్లేస్ అంటే ఉదాహరణకు యుడెమీ తీసుకుందాం, దాని నిబంధనలు అందరికీ తెలిసినవి కాబట్టి. ఇది రాసే నాటికి అక్కడి వాటా ఇలా ఉంది: విద్యార్థి మీ కూపన్ ద్వారానో, మీ లింకు ద్వారానో కొంటే మీకు 97 శాతం. అక్కడే వెతుక్కునో, వాళ్ల ప్రకటన చూసో కొంటే 37 శాతం. పన్నులు, మొబైల్ యాప్ ద్వారా కొంటే యాప్ స్టోరు రుసుము ముందే తీసేసి మిగిలిన దానిపైన ఈ శాతాలు లెక్కిస్తారు. చందా పద్ధతిలో చూసేవారి ఆదాయం వేరు. ఆ చందా డబ్బులో బోధకులకు కేటాయించే భాగం 2023 వరకు 25 శాతం ఉండేది. 2024లో 20, 2025లో 17.5, 2026లో 15 శాతానికి తగ్గించారు. ఆ భాగాన్ని బోధకులందరికీ, చూసిన నిమిషాలను బట్టి పంచుతారు. నిబంధన రాసే కలం మీ చేతిలో లేదన్న సంగతి ఈ అంకెలలోనే కనిపిస్తుంది.

ధర సంగతీ అంతే. మీరు మూడు వేలు అని పెట్టుకున్నా, రాయితీల కార్యక్రమంలో ఉంటే ఎక్కువ అమ్మకాలు ఐదు వందల చుట్టుపక్కలే జరుగుతాయి. 499 రూపాయలకు అమ్ముడైందనుకుంటే 37 శాతం లెక్కన మీకు వచ్చేది సుమారు 185 రూపాయలు, పన్ను పోతే ఇంకా తక్కువ.

ఇక సొంత సైటు. మా కోర్సు ధర 1,499. గేట్‌వే రుసుము 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 2.36 శాతం. అంటే ఒక్కో అమ్మకానికి 35 రూపాయలు పోయి 1,464 మిగులుతుంది. సొంత సైటులో ఒక్క అమ్మకం, మార్కెట్‌ప్లేస్ తనంతట తాను తెచ్చిన ఎనిమిది అమ్మకాలకు సమానం.

కానీ సైటుకు ఏటా ఖర్చుంది. మాకు సైటు పేరుకు, అంటే డొమైన్‌కు వెయ్యి, హోస్టింగు ఐదు వేలు, కోర్సు నడిపే ప్లగిన్ ఎనిమిది వేలు, వీడియో హోస్టింగు పది వేలు, మొత్తం 24,000 అయింది. పదిహేడు మంది కొంటే ఆ ఖర్చు తీరుతుంది. మొదటి ఏడాది డబ్బు వాపసు తీసుకున్నవారు పోగా 140 మంది మిగిలారు. అమ్మకం 2,09,860, గేట్‌వే రుసుము 4,953, సైటు ఖర్చు 24,000 పోగా చేతికి దాదాపు 1,80,900 వచ్చింది.

ఇక్కడ ఆగితే అది దొంగ లెక్క. లాగిన్ కాలేదని, వీడియో ఆగిపోయిందని వచ్చే ఫోన్లకు నేను వారానికి ఐదు గంటలు కూర్చున్నాను. ఏడాదికి 260 గంటలు. గంటకు 200 చొప్పున కట్టినా 52,000. అది తీసేస్తే మిగిలేది 1,28,900. మార్కెట్‌ప్లేస్‌లో ఈ మొత్తం రావాలంటే వాళ్లు తెచ్చిన కొనుగోలుదారులు దాదాపు ఏడు వందల మంది కావాలి. సమీక్షలకు ఏడాది వయసున్న చోట ఏడు వందల మంది ఎక్కడ నుంచి వస్తారు? మా నిర్ణయం అక్కడితో తేలిపోయింది. మీ అంకెలు వేరైతే నిర్ణయం కూడా వేరవుతుంది.

4. మార్కెట్‌ప్లేస్ ఎంచుకుంటే

పని తక్కువే. యుడెమీలో డబ్బు తీసుకునే కోర్సుకు కనీసం అరగంట వీడియో, కనీసం ఐదు పాఠాలు ఉండాలి. చిత్రం కనీసం 720పి నాణ్యతలో ఉండాలి. అన్నీ రికార్డు చేశాక కాకుండా ముందే ఒక చిన్న పరీక్ష వీడియో పంపి వాళ్ల అభిప్రాయం తీసుకోండి. ఎక్కువగా తప్పు పట్టేది చిత్రాన్ని కాదు, ధ్వనిని. ఫ్యాను ఆపి, కాలరు మైకు పెట్టుకుని, గదిలో దుప్పట్లు వేలాడదీస్తే సగం సమస్య పోతుంది. కుట్టుమిషను మోత మీద మాట్లాడకండి. కుట్టడం ఒకసారి, మాట మరోసారి తీసి కలపండి.

అమెరికా కంపెనీ కాబట్టి డబ్ల్యూ-8బెన్ అనే పన్ను పత్రం నింపాలి. అది నింపకపోతే అమెరికాలో జరిగిన అమ్మకాల మీద మీ వాటా నుంచి 30 శాతం పన్ను మినహాయిస్తారు. పాన్ నంబరుతో నింపి, భారత్–అమెరికా ఒప్పందం కింద రాయల్టీ అని చూపితే 15 శాతం. డబ్బు పేపాల్, పయోనీర్ వంటి ఖాతాల ద్వారా వస్తుంది. విద్యార్థికి 30 రోజుల వాపసు గడువు ఉండటం వల్ల, అమ్మిన డబ్బు మీకు చేరడానికి నెలకు పైనే పడుతుంది. మొదటి నెల ఖాతా ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి.

మీకు అక్కడ దొరకనిది విద్యార్థి చిరునామా. ఈమెయిలు, ఫోను నంబరు ఇవ్వరు. ప్రకటనలు పంపాలన్నా వాళ్ల పెట్టెలోంచే, వాళ్లు పెట్టిన పరిమితిలోనే పంపాలి. పాఠాల మధ్యలో మీ సైటుకు రమ్మని చెప్పకూడదు. చిట్టచివర "బోనస్" పాఠం ఒకటి మాత్రం మీ ఇతర కోర్సుల గురించి చెప్పుకోవడానికి అనుమతిస్తారు. ఆ ఒక్క పాఠాన్ని శ్రద్ధగా చేయండి. కోర్సు చివరిదాకా చూసినవారే అక్కడికి చేరుతారు, తర్వాతి కోర్సు కొనేది కూడా ఎక్కువగా వాళ్లే.

5. సొంత సైటు ఎంచుకుంటే

రెండు దారులున్నాయి. ఒకటి, నెలకో ఏడాదికో అద్దె కట్టి తయారుగా ఉన్న కోర్సు వేదికను తీసుకోవడం. గ్రాఫీ, టీచబుల్, థింకిఫిక్ వంటివి ఈ రకం. రెండోది, వర్డ్‌ప్రెస్ మీద ట్యూటర్ ఎల్ఎంఎస్, లర్న్‌డాష్ వంటి ప్లగిన్ వేసుకుని నడుపుకోవడం. ఇంట్లో కంప్యూటరు తెలిసిన మనిషి లేకపోతే మొదటిదే మేలు, అద్దె ఎక్కువైనా సరే. ఏ దారిలోనైనా డొమైన్ పేరు మాత్రం మీ పేరు మీద, మీ ఈమెయిలుతో కొనండి. సైటు కట్టిన కుర్రవాడి పేరు మీద ఉంటే, రేపు అతను ఫోను ఎత్తకపోతే మీ దుకాణం బోర్డు అతని దగ్గరే ఉండిపోతుంది.

*గేట్‌వే ఖాతా.* వీడియోలకంటే ముందే దరఖాస్తు చేయండి. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా అడుగుతారు. పాన్‌లో ఉన్న పేరూ, బ్యాంకులో ఉన్న పేరూ ఒకటిగా లేకపోతే అక్కడే ఆగిపోతుంది. మా వదినకు పాన్ పుట్టింటి ఇంటిపేరుతోనూ, బ్యాంకు ఖాతా అత్తింటి ఇంటిపేరుతోనూ ఉండి మూడు వారాలు పోయాయి. సైటులో ధర, వాపసు విధానం, గోప్యత, షరతులు, సంప్రదించవలసిన చిరునామా కనిపించాలి. సరుకు ఎలా చేరుతుందో చెప్పే పేజీ కూడా అడుగుతారు. "చెల్లించిన వెంటనే లాగిన్‌లో పాఠాలు తెరుచుకుంటాయి, పార్సిల్ ఏదీ రాదు" అని రాస్తే చాలు. నిజంగానే ఇద్దరు పార్సిల్ ఎప్పుడొస్తుందని ఫోను చేశారు.

*చెల్లించినా కోర్సు తెరుచుకోకపోవడం.* సొంత సైటులో అన్నిటికన్నా ఎక్కువగా పరువు తీసేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. విద్యార్థి ఫోనులో మీ సైటు తెరిచి కొనుగోలు నొక్కుతుంది. యూపీఐ యాప్ తెరుచుకుంటుంది, పిన్ కొడుతుంది, డబ్బు పోతుంది. తిరిగి బ్రౌజరుకు వచ్చేసరికి చిన్న ఫోనులో మెమరీ చాలక ఆ పేజీ మూసుకుపోయి ఉంటుంది, లేదా ఆవిడే యాప్‌లో "విజయవంతం" అని చూసి ఫోను పక్కన పెట్టేస్తుంది. "ఈమె చెల్లించింది" అన్న కబురు బ్రౌజరు ద్వారా వస్తుందనుకుని సైటు ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ కబురు రాదు. డబ్బు మీ ఖాతాలో, విద్యార్థి గుమ్మం బయట.

దీనికి మందు వెబ్‌హుక్. గేట్‌వే సర్వరు నేరుగా మీ సర్వరుకు కబురు పంపే ఏర్పాటు అది. విద్యార్థి ఫోనుతో దానికి పనిలేదు. మీ గేట్‌వే రేజర్‌పే అయితే డ్యాష్‌బోర్డులో వెబ్‌హుక్ విభాగంలో మీ ప్లగిన్ ఇచ్చిన చిరునామా పెట్టి, `payment.captured` అన్నదాన్ని ఎంచుకోవాలి. పరీక్ష ఖాతాకూ అసలు ఖాతాకూ వెబ్‌హుక్ విడివిడిగా పెట్టాలన్నది చాలామంది మరచిపోయే సంగతి. నేనూ మరచిపోయాను. పరీక్షలో అన్నీ చక్కగా నడిచాయి. అసలు అమ్మకం మొదలైన మొదటి రోజు తొమ్మిది మంది చెల్లించి పాఠాలు రాక, వదిన ఫోనుకు వరసపెట్టారు. తప్పు పూర్తిగా నాదే.

వర్డ్‌ప్రెస్‌లో ఆర్డర్లు నడిపే వూకామర్స్ ప్లగిన్ వాడుతుంటే ఇంకో మెలిక ఉంది. చెల్లింపు అందాక కూడా ఆర్డరు `Processing` దగ్గరే నిలబడిపోతుంది. అది `Completed` అయితే గానీ కోర్సు ప్లగిన్ విద్యార్థిని చేర్చకపోవచ్చు. వస్తువు వివరాల్లో `Virtual`, `Downloadable` రెండూ టిక్కు పెడితే ఆర్డరు దానంతటదే పూర్తవుతుంది. మొదటిది ఒక్కటే పెడితే చాలదు. కొన్ని కోర్సు ప్లగిన్లలో దీనికి వేరే మీట ఉంటుంది, దాన్నైనా వెతికి వేయండి.

పరీక్షించే పద్ధతి ఇదీ: కోర్సు ధరను ఒక్క రోజుకు రూపాయి చేసి, తక్కువ మెమరీ ఉన్న పాత ఫోనుతో, మొబైల్ డేటా మీద నిజంగా కొనండి. పిన్ కొట్టాక బ్రౌజరుకు తిరిగి వెళ్లకండి, దాన్ని చేత్తో మూసేయండి. రెండు నిమిషాలయ్యాక వేరే ఫోనులో లాగిన్ అయి చూడండి. పాఠాలు తెరుచుకుంటేనే దుకాణం తెరిచే వేళ అయినట్టు.

*లాగిన్.* ఈమెయిలు అడిగితే పదిమందిలో ఒకరు `gmail.con` అని కొడతారు. అప్పుడు పాస్‌వర్డు ఎక్కడికో పోతుంది. చెల్లింపు పేజీలో ఈమెయిలు రెండుసార్లు అడగండి, ఫోను నంబరు తప్పనిసరి చేయండి. ఎస్ఎంఎస్ ఓటీపీ పెట్టాలంటే ముందు టెలికాం సంస్థల దగ్గర డీఎల్‌టీ అనే, వ్యాపార సందేశాలు పంపేవారి నమోదు చేయించుకోవాలి. చిన్న మొదలుకు అది అక్కర్లేదు. సైటు పంపే ఈమెయిళ్లు స్పామ్‌లో పడకుండా డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టించండి, ఆ ఈమెయిలు నిజంగా మీ సైటు నుంచే వచ్చిందని చూపేవి అవే.

*వీడియోలు.* మామూలు హోస్టింగు సర్వరులో వీడియోలు ఎక్కించకండి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నడిచే 720పి వీడియో గంటకు 450 ఎంబీ. మా కోర్సు పదకొండు గంటలు, అంటే ఒక విద్యార్థి ఒకసారి చూస్తే ఐదు జీబీ. వంద మందికి 500 జీబీ. ఐదు వేల రూపాయల హోస్టింగు ఈ బరువు మోయలేదు, ఆదివారం మధ్యాహ్నం ఇరవై మంది ఒకేసారి తెరిస్తే సైటు మొత్తం నిలిచిపోతుంది. వీడియోల కోసమే ఉన్న సేవ తీసుకోండి. అది ఒకే పాఠాన్ని నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి, సిగ్నలును బట్టి మార్చి చూపిస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీతో చూసే విద్యార్థికి ఇది ముఖ్యం. ఎంత వాడకానికి ఎంత ధర అనేది వంద మందికి లెక్క వేసి చూసి తీసుకోండి, "అపరిమితం" అన్న మాట నమ్మకండి.

దొంగతనం మాటకొస్తే, యూట్యూబులో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకులు ఇవ్వడం తాళం లేని బీరువా. ఆ లింకు ఎవరికి పంపినా తెరుచుకుంటుంది. సర్వరులో నేరుగా పెట్టిన ఫైలూ అంతే. కనీసం కొద్ది గంటల్లో గడువు తీరే లింకులు ఇచ్చే సేవ కావాలి. ఇంకా గట్టిగా కావాలంటే డీఆర్ఎం, అంటే వీడియోకే తాళం వేసి ఇచ్చే ఏర్పాటు, ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో డీఆర్ఎం వల్ల స్క్రీన్ రికార్డింగు నల్లగా వస్తుంది. కంప్యూటరులో అంత భరోసా లేదు, రెండో ఫోనుతో తెరను చిత్రీకరించేవాడిని ఏ సాంకేతికతా ఆపలేదు. మాకు బాగా పనిచేసింది విద్యార్థి ఫోను నంబరు వీడియో మీద సన్నగా తిరుగుతూ కనిపించే ఏర్పాటు. తన నంబరు ఉన్న వీడియోను గ్రూపులో పెట్టడానికి ఎవరికైనా చెయ్యి రాదు. దీనికి మించి ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ. ఎందుకంటే దొంగకాపీ చూసేవాడు చంక ముడత ఫోటో పంపి వదినను అడగలేడు, కొన్నవారు అడగగలరు.

*వాపసు.* స్పష్టంగా ఒక అంకె రాయండి. మాది: ఏడు రోజుల్లోపు, ఐదు పాఠాలకు మించి చూడకపోతే మొత్తం తిరిగి. గేట్‌వే రుసుము మాత్రం మనకు తిరిగి రాకపోవచ్చు, ఆ 35 రూపాయలు నష్టమే అనుకోండి. వాపసు అడిగినవారితో వాదించకండి. వాళ్లు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే పత్రాలు సమర్పించడానికి మీ రోజు పోతుంది.

6. పన్నులు, విదేశాల్లో ఉన్న విద్యార్థులు

సేవలు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు అవసరం లేదు. వేరే రాష్ట్రాల విద్యార్థులకు అమ్మినా ఈ పరిమితే. ఆ 20 లక్షల్లో కోర్సు ఒక్కటే కాదు, మీ పాన్ మీద జరిగే మిగతా వ్యాపారమూ కలుస్తుంది. వదిన పేరుతో బట్టల దుకాణం కూడా ఉంటే రెండూ కలిపి చూడాలి. పాఠశాలలకున్న మినహాయింపు ఇలాంటి కోర్సుకు వర్తించదు. నమోదయ్యాక 18 శాతం. 1,499 ధరను పెంచకపోతే అందులో 229 రూపాయలు పన్నుకు పోయి మీకు 1,270 మిగులుతుంది. పరిమితికి దగ్గరవుతున్న నెలల్లోనే ధర గురించి ఆలోచించాలి. ఆదాయపు పన్ను సంగతి వేరు. కోర్సు డబ్బు మొదటి రూపాయి నుంచీ రిటర్నులో చూపించాలి.

డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగువారు కొంటామంటే గేట్‌వేలో అంతర్జాతీయ చెల్లింపులు విడిగా తెరిపించుకోవాలి. దానికి రుసుము ఎక్కువ. యూరప్‌లోని కొనుగోలుదారులకు డిజిటల్ పాఠాలు అమ్మితే వాళ్ల దేశపు వ్యాట్ అమ్మినవారే కట్టాలనే నియమం ఉంది. మార్కెట్‌ప్లేస్ అయితే ఇలాంటి విదేశీ పన్నుల తలనొప్పి అదే మోస్తుంది, నిజంగా ఇది దానికున్న పెద్ద సౌకర్యం. విదేశీ విద్యార్థులు సగానికి పైగా ఉంటారనుకుంటే నేను 37 శాతాన్ని కూడా తేలిగ్గా తీసిపారేయను.

7. రెండూ కలిపి నడపాలంటే

యుడెమీ కోర్సు మీద పూర్తి హక్కు రాయించుకోదు, హక్కు మీదే ఉంటుంది. అదే పాఠాలు మీ సైటులోనూ అమ్ముకోవచ్చు. కానీ ఒకే కోర్సు అక్కడ 499కీ, ఇక్కడ 1,499కీ ఉంటే విద్యార్థి పట్టుకోకుండా ఉండదు. అందుకని ఒకే కోర్సును రెండు చోట్లా పెట్టకండి. మేము రెండో ఏడాది అక్కడ పెట్టింది గంటన్నర చిన్న కోర్సు, లైనింగ్ లేని సాదా జాకెట్టు మాత్రమే. క్రాస్ కట్, కటోరీ, ప్రిన్సెస్ కట్, కొలతల్లో తేడాలు సరిదిద్దడం, ఫోటోలు పంపి సందేహాలు అడిగే సదుపాయం సైటులోనే ఉన్నాయి. చిన్న కోర్సుకు మా వాళ్లను పంపినప్పుడు తప్పకుండా మా కూపన్ లింకుతోనే పంపుతాం. 499కి 185 బదులు, పన్నులు తీయకముందు లెక్కలో, 484 వస్తుంది. లింకు లేకుండా "అక్కడ వెతకండి" అని చెబితే మనం తెచ్చిన మనిషికి కూడా 37 శాతమే.

అమ్మకాలు మొదలయ్యాక నెలకోసారి ఒక పని చేయండి. ఏ పాఠం దగ్గర ఎక్కువమంది ఆగిపోతున్నారో చూడండి. ఈ లెక్క సొంత సైటులో పేర్లతో సహా దొరుకుతుంది. మాకు తొమ్మిదో పాఠం దగ్గర మూడో వంతు మంది ఆగిపోయారు. ఆరుగురికి ఫోను చేసి అడిగితే తెలిసింది: పాఠంలో వదిన టేపును అంగుళాల వైపు పట్టుకుని కొలిచింది, నల్లబల్ల మీద మాత్రం ఒకచోట సెంటీమీటర్లలో రాసింది. వాళ్లు గుడ్డ కత్తిరించేశారు, అది పాడైంది, అక్కడితో మానేశారు. ఆ పాఠం మళ్లీ తీశాం. గుడ్డ పాడైన వాళ్లకు వదిన తన దగ్గరున్న జాకెట్టు ముక్కలు కొరియర్‌లో పంపింది. కాబట్టి పార్సిల్ ఎప్పుడొస్తుందని అడిగిన ఆ ఇద్దరిలో ఒకరికి చివరకు పార్సిల్ కూడా వెళ్లింది.